ఆఫీసు ఉత్తరాలు, 5వ పాఠం: "మీకెప్పుడు వీలు?" అనే మెయిల్

గత పాఠంలో సబ్జెక్ట్ లైన్ ఎలా రాయాలో చూశాం. ఈసారి మీటింగ్ టైమ్ కుదుర్చుకోవడం గురించి. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

నేనుండేది హైదరాబాద్‌లో. క్లయింట్ తరఫున డాలస్‌లో పనిచేసే ఒక తెలుగాయనతో అరగంట మాట్లాడాల్సి వచ్చింది. సోమవారం ఉదయం "ఈ వారం ఎప్పుడు వీలవుతుందండీ?" అని మెయిల్ పెట్టాను. అప్పుడక్కడ అర్ధరాత్రి. జవాబు నేను ఇంటికెళ్లాక వచ్చింది: "బుధ, గురువారాలు పర్లేదు." మంగళవారం నేను "గురువారం సాయంత్రం?" అన్నాను. ఆ రాత్రి ఆయన "మీ సాయంత్రమా, మా సాయంత్రమా?" అన్నారు. బుధవారం నేను వివరంగా రాసేసరికి గురువారం ఆయనకి వేరే కాల్ పడిపోయింది. ఐదు మెయిళ్లు, మూడు రోజులు పోయాయి. మీటింగ్ మాత్రం కుదరలేదు.

తప్పంతా మొదటి మెయిల్‌లోనే ఉంది. వినడానికి మర్యాదగానే ఉంటుంది కానీ, క్యాలెండర్ తెరవడం, మన టైమ్‌కి మార్చుకోవడం, ఖాళీలు ఏరి టైప్ చేయడం మొత్తం ఎదుటివాళ్ల మీద పడుతుంది. పైగా వాళ్లు రాసిన జవాబు మనం చదివేలోపే పాతబడిపోతుంది.

అడగక్కర్లేదేమో, ముందు చూడండి

ఇద్దరిదీ ఒకే కంపెనీ అయితే చాలాచోట్ల ఎవరు ఎప్పుడు బిజీయో ముందే కనిపించేలా పెట్టి ఉంటారు. గూగుల్ క్యాలెండర్‌లో కొత్త మీటింగ్ తెరిచి, గెస్టుల్లో వాళ్ల మెయిల్ ఐడీ వేసి, `Find a time` నొక్కండి. ఔట్‌లుక్‌లో అయితే `Scheduling Assistant`. పక్కపక్కనే ఇద్దరి గడులూ కనిపిస్తే ఇక అడిగేదేమీ లేదు. ఇన్వైట్ పంపి, "మీ క్యాలెండర్‌లో ఖాళీగా కనిపిస్తే పెట్టాను, కుదరకపోతే మార్చేద్దాం" అని ఒక ముక్క రాస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. గడి తెల్లగా ఉందంటే మనిషి ఖాళీ అని కాదు. వచ్చే రెండు వారాలూ ఒక్క మీటింగ్ కూడా లేకుండా కనిపిస్తే ఆయన క్యాలెండర్ వాడరన్నమాట. అలాంటివాళ్లకి ఫోన్ చేయడమే నయం.

ఎంత అడగాలి

"మీ క్యాలెండర్ యాక్సెస్ ఇవ్వండి" అంటే ఎవరైనా కొంచెం వెనకాడతారు. డాక్టర్ అపాయింట్‌మెంట్, పిల్లల స్కూలు మీటింగ్, ఒక్కోసారి వేరే కంపెనీ ఇంటర్వ్యూ కూడా అందులోనే ఉంటాయి మరి. మనకి అవన్నీ అక్కర్లేదు. ఏ గంట నిండింది, ఏ గంట ఖాళీ అన్నది తెలిస్తే చాలు. అందుకే ఎంత కావాలో పేరు పెట్టి అడగాలి. గూగుల్‌లో ఆ మెట్టు పేరు `See only free/busy (hide details)`. ఔట్‌లుక్‌లో `Can view when I'm busy`. ఇవి ఇస్తే ఎదుటివాళ్లకి "బిజీ" అన్న గడి తప్ప మీటింగ్ పేరు కనబడదు. దీనికి పై మెట్లలో వివరాలు కనబడతాయి, ఇంకా పైన మార్చే హక్కు కూడా వస్తుంది. టైమ్ కుదుర్చుకోవడానికి ఆ మెట్లు అడగడం, మంచినీళ్లకని వెళ్లి బీరువా తాళాలు అడిగినట్టు ఉంటుంది.

ఒకే మీటింగ్ అయితే ఇది కూడా అడక్కండి. వారం వారం కలవాల్సిన పనికే యాక్సెస్. ఒక్కసారికైతే ఖాళీలు చాలు, అవి కూడా ముందు మనవే చెప్పాలి.

ఉత్తరం

నెలల తరబడి కలిసి పనిచేయబోయే సహోద్యోగికి ఇలా రాయవచ్చు:

> నమస్తే అండీ. వచ్చే మూడు నెలలు మనం వారానికి రెండుసార్లైనా మాట్లాడుకోవాల్సి వస్తుంది. ప్రతిసారీ మెయిల్ పెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, మీకు అభ్యంతరం లేకపోతే మీ క్యాలెండర్‌లో ఖాళీ, బిజీ మాత్రం కనిపించేలా షేర్ చేస్తారా? మీటింగ్ వివరాలు నాకు కనబడవు. నాది ఇప్పుడే మీకు షేర్ చేశాను. వీలుకాకపోతే వారం మొదట్లో రెండు మూడు ఖాళీ టైమ్‌లు చెప్పినా సరిపోతుంది.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది "నాది ఇప్పుడే షేర్ చేశాను" అన్న వాక్యం. రాయడమే కాదు, నిజంగా చేయాలి. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, ఎడమవైపు మీ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, `Settings and sharing`లోకి వెళ్లి, వాళ్ల మెయిల్ ఐడీ చేర్చి, పైన చెప్పిన మెట్టు ఎంచుకోండి. వాళ్లకి మెయిల్ వెళ్తుంది, అందులోని లింక్ నొక్కితేనే మీది వాళ్ల పక్కన చేరుతుంది. చివరి వాక్యం కూడా తీసేయకండి. బయటివాళ్లకి షేర్ చేయకుండా కొన్ని కంపెనీలు ఆపేస్తాయి. అప్పుడు ఆయన "మా ఐటీవాళ్లు ఒప్పుకోరండీ" అని సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

డాలస్ ఆయనకి నేను మొదటిరోజే ఇలా రాసి ఉండాల్సింది. అది అక్టోబరు నెల, వాళ్ల కంటే మనం పదిన్నర గంటలు ముందుంటాం.

> నమస్తే అండీ. మైగ్రేషన్ తేదీల గురించి అరగంట మాట్లాడాలి. ఈ మూడింట్లో ఏది వీలైతే అది చెప్పండి, ఇన్వైట్ నేను పంపుతాను.
> మీకు మంగళవారం ఉదయం 8:30 (నాకు మంగళవారం సాయంత్రం 7)
> మీకు బుధవారం ఉదయం 9 (నాకు బుధవారం సాయంత్రం 7:30)
> మీకు బుధవారం రాత్రి 9 (నాకు గురువారం ఉదయం 7:30)
> మీ సోమవారం సాయంత్రం వరకు ఈ మూడూ ఖాళీగానే ఉంచుతాను.

వాళ్ల టైమ్ ముందు రాయడం చూశారా? లెక్క మనమే వేయాలి. మూడో వరసలో రోజే మారిపోయింది, నాలాంటివాళ్లు జారిపడేది అక్కడే. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు తేడా పదకొండున్నర గంటలవుతుంది కాబట్టి, అటూ ఇటూ వారాల టైమ్‌లు ఒకే మెయిల్‌లో రాసేటప్పుడు మళ్లీ లెక్కవేయండి. చివరి వాక్యంలో మాట ఇచ్చాం కాబట్టి ఆ మూడు టైమ్‌లనీ మన క్యాలెండర్‌లో "హోల్డ్" అని బ్లాక్ చేసుకోవాలి. జవాబు రాగానే మిగతా రెండూ తీసేయాలి. నేను ఒకసారి తీయడం మర్చిపోయాను. నా టీమ్‌లో వాళ్లు వారమంతా నేను బిజీ అనుకున్నారు.

పై అధికారికి మాత్రం యాక్సెస్ అడగడం, బుకింగ్ లింక్ పంపడం రెండూ నాకు నచ్చవు. లింక్ పంపితే, పెద్దాయన్ని టోకెన్ తీసుకుని లైన్లో నిలబడమన్నట్టు ఉంటుంది. "సర్, మీ టైమ్ చూసేది ఎవరో చెబితే వారితో మాట్లాడి పెట్టుకుంటాను" అంటే బాగుంటుంది.

ఇంకొకటి. అడిగినదానికంటే ఎక్కువ వచ్చేసిందనుకోండి, అంటే ఆయన మీటింగ్ పేర్లన్నీ కనబడుతున్నాయి. చూడనట్టు ఊరుకోకండి. వెంటనే, గ్రూప్‌లో కాదు, విడిగా చెప్పండి: "మీ క్యాలెండర్‌లో వివరాలు కూడా కనిపిస్తున్నాయండీ. నాకు ఖాళీ, బిజీ చాలు. వీలున్నప్పుడు మార్చేయండి." కనబడిన వాటి గురించి ఒక్క మాట కూడా ఎత్తకూడదు, "ఇంట్లో అంతా బాగున్నారా?" అని కూడా.

అభ్యాసం

ఈ మెయిల్‌ని నాలుగు వాక్యాలకి మించకుండా తిరిగి రాయండి: "హాయ్, మీ క్యాలెండర్ యాక్సెస్ అర్జెంటుగా కావాలి, ఎన్నిసార్లు అడిగినా టైమ్ చెప్పట్లేదు." రాసేది మీకంటే రెండేళ్లు సీనియర్ అయిన, వేరే టీమ్‌లోని మేడమ్‌కి. మీటింగ్ ఒక్కసారే. యాక్సెస్ అన్న మాట అసలు అవసరమా అన్నది ముందు తేల్చుకోండి.

వచ్చే పాఠంలో: ఒప్పుకున్న మీటింగ్‌ని చివరి గంటలో వాయిదా వేయాల్సి వస్తే ఎలా రాయాలి.