స్కాలర్‌షిప్ మెయిల్‌ను ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పేటప్పుడు

అమెరికాలో బీఎస్ చదవడానికి వచ్చిన పిల్లలు ఆగస్టులో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, స్కాలర్‌షిప్ ఎంత వచ్చిందని అడిగితే గబగబా చెప్పేస్తారు. అది వచ్చే ఏడాది కూడా రావాలంటే ఏం చేయాలో చెప్పమంటే మాత్రం ఫోన్ తీసి మెయిల్ వెతుకుతారు. ఆ మెయిల్‌ను ఇంట్లో అమ్మానాన్నలకు ఎలా చెప్పారని అడుగుతాను. తొంభై పాళ్లు ఒకటే జవాబు: "నాలుగేళ్లూ ఏటా ఇంత ఇస్తారని చెప్పానక్కా." చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడి మెయిల్‌నే తీసుకుందాం. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: ఏడాదికి 12,000 డాలర్లు, 'రెన్యూవబుల్ ఫర్ అప్ టు ఎయిట్ కన్సెక్యూటివ్ సెమిస్టర్స్', 3.25 'క్యుములేటివ్ జీపీఏ' ఉండాలి, ఏడాదికి 30 క్రెడిట్లు 'ఎర్న్' చేయాలి. వాళ్ల నాన్నగారు దాన్ని బంధువులందరికీ 48,000 డాలర్ల స్కాలర్‌షిప్ అని చెప్పారు. బ్యాంకులో విద్యారుణం కూడా ఆ మొత్తం తీసేసి మిగిలినదానికే పెట్టారు.

ఈ వాక్యాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు 'రెన్యూవబుల్' అన్నచోట 'పునరుద్ధరించబడుతుంది' అని రాస్తే తప్పు. అలా రాస్తే దానంతట అదే వస్తుందని ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. అసలు మాట ఏమిటంటే, షరతులు నిలబెట్టుకుంటేనే మరో ఏడాది ఇస్తారు. 'అప్ టు ఎయిట్' అంటే ఎనిమిది సెమిస్టర్లకు మించి ఇవ్వరని, ఎనిమిదికీ తప్పకుండా ఇస్తామని కాదు. 'కన్సెక్యూటివ్' అంటే వరసగా అని. మధ్యలో ఒంట్లో బాగాలేక ఒక సెమిస్టర్ ఇంటికి వచ్చేస్తే ఆ వరస తెగుతుంది. సెలవు ముందుగా రాతపూర్వకంగా మంజూరైతే డబ్బు ఆపి ఉంచుతారా అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

నేను ఆ కుటుంబానికి రాసిచ్చిన తెలుగు ఇది: "మొదటి ఏడాది 12,000 డాలర్లు ఇస్తారు. ఆగస్టులో 6,000, జనవరిలో 6,000 ఫీజులో తగ్గిస్తారు, చేతికి ఇవ్వరు. మే నెలలో సెమిస్టర్ అయ్యాక రెండు లెక్కలు చూస్తారు. మొదటిది, చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా అన్ని సబ్జెక్టులూ కలిపిన సగటు 3.25 ఉండాలి. రెండోది, ఆ ఏడాది పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు 30 ఉండాలి. రెండిట్లో ఏది తప్పినా రెండో ఏడాది డబ్బు ఆగిపోతుంది."

మన ఇళ్లలో బాగా పొరబడే అంకె ఈ 3.25. నాలుగుకు 3.25 అంటే 81 శాతం, మనవాడికి ఇంటర్‌లో 96 వచ్చాయి, ఇదెంత అనుకుంటారు. ఇది శాతం కాదు. ఎ గ్రేడుకు 4, బి గ్రేడుకు 3, సి గ్రేడుకు 2 పాయింట్లు. ఆ పాయింట్లను సబ్జెక్టు క్రెడిట్లతో గుణించి, మొత్తాన్ని క్రెడిట్లతో భాగిస్తారు. అన్నిట్లో బి వచ్చినవాడికి 3.00 వస్తుంది, అంటే స్కాలర్‌షిప్ పోతుంది.

ఆ కుర్రాడి మొదటి సెమిస్టర్ చూడండి. కాల్క్యులస్ 4 క్రెడిట్లు, సి వచ్చింది: 8 పాయింట్లు. కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, బి: 12. ఇంగ్లీషు 3 క్రెడిట్లు, ఎ: 12. ప్రోగ్రామింగ్ 3 క్రెడిట్లు, బి: 9. ఒక క్రెడిట్ సెమినార్‌లో ఎ: 4. మొత్తం 45 పాయింట్లు, 15 క్రెడిట్లు, సగటు సరిగ్గా 3.00. ఇక మే నాటికి 3.25 కావాలంటే 30 క్రెడిట్లకు 97.5 పాయింట్లు ఉండాలి. ఉన్నవి 45. కాబట్టి రెండో సెమిస్టర్లో 15 క్రెడిట్లలోనే 52.5 తెచ్చుకోవాలి, అంటే సగటు 3.5. ఒక్క సి తర్వాతి సెమిస్టర్‌ను ఎంత బిగిస్తుందో ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తేనే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. 3.24 వస్తే 3.25గా సర్దుతారని ఆశ పెట్టుకోవద్దు.

ఇంతా చేసి ఆ కుర్రాడిని దెబ్బతీసింది జీపీఏ కాదు. మార్చిలో ఒక 3 క్రెడిట్ల సబ్జెక్టు కష్టమనిపించి వదిలేశాడు. 12 క్రెడిట్లు మిగిలాయి. ఎఫ్-1 వీసా మీద బీఎస్ చదివేవాళ్లకు సెమిస్టర్‌కు కనీసం 12 ఉండాలి, ఉన్నాయి, వీసాకు ఇబ్బంది లేదు. వదిలేసినదానికి గ్రేడ్‌షీట్‌లో డబ్ల్యూ పడింది, అది జీపీఏలోకి రాదు. మిగతా 12 క్రెడిట్లలో 9కి ఎ, 3కి బి తెచ్చుకున్నాడు. 45 పాయింట్లు కలిసి, 27 క్రెడిట్లకు 90 అయ్యాయి, సగటు 3.33. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ మెయిల్‌లో రాసింది ఏడాదికి 30. వాడివి 27. వీసా అడిగే 12 వేరు, స్కాలర్‌షిప్ అడిగే 30 వేరు అని వాడికి ఎవరూ విడమర్చి చెప్పలేదు. జూన్‌లో స్కాలర్‌షిప్ ఆపామని మెయిల్ వచ్చింది. మిగిలిన మూడేళ్లకు 36,000 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన వేసినా ముప్పై లక్షలు దాటుతుంది.

వాళ్ల నాన్నగారికి ఈ సంగతి పది రోజుల దాకా తెలియదు. ఇక్కడ కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు పిల్లలదే. ఫెర్పా అనే చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లల రాతపూర్వక అనుమతి లేకుండా గ్రేడ్లు ఇంటికి చెప్పరు. మన కాలేజీల్లోలాగా ప్రిన్సిపాల్ ఫోన్ చేసి నాన్నను పిలిపించడం ఉండదు. హెచ్చరిక మెయిల్ కూడా పిల్లల యూనివర్సిటీ మెయిల్‌కే వస్తుంది. అందుకే తెలుగు చేసిన కాగితం కింద "ఈ సంగతులు ఇంటికి చెప్పే బాధ్యత నాది" అన్న ఒక్క వాక్యం పిల్లల చేతే రాయిస్తాను.

ఆ కుర్రాడు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాస్తే, వేసవిలో తమ దగ్గరే 3 క్రెడిట్లు పూర్తిచేస్తే లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఆ వేసవి ఫీజుకు స్కాలర్‌షిప్ వర్తించలేదు, ఇంటి నుంచే కట్టారు. చవకని పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీలో చదివేవాళ్లకు ఒక మాట. అక్కడి క్రెడిట్లు మామూలుగా బదిలీ అవుతాయి గానీ గ్రేడు చాలాచోట్ల జీపీఏలో కలవదు. తగ్గింది జీపీఏ అయితే ఆ దారి పనికిరాదు.

మెయిల్‌లో మిగతా షరతులు తేలికే. 'ట్యూషన్ ఓన్లీ' అని ఉంటే హాస్టలు, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ ఇంటి ఖర్చే అని రాయండి. 'కంటింజెంట్ అపాన్ ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్' అంటే ఇంటర్ చివరి మార్కులు చూశాకే ఖాయం చేస్తారని. ఒప్పుకునే ఆఖరి తేదీ ఉంటే అది అమెరికా టైమా, మన టైమా అన్నది కూడా రాయండి.

తెలుగు చేశాక కూడా తేలని మాటలు మిగులుతాయి. వాటిని ఊహించి పూరించకండి, ఆఫీసుకు మెయిల్ రాయమని పిల్లలకు చెప్పండి. మూడు ప్రశ్నలు చాలు: 30 క్రెడిట్లలో వేసవివి, ఇంటర్ అప్పుడు రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలవి లెక్కకు వస్తాయా? ఒకసారి షరతు తప్పితే ఒక సెమిస్టర్ గడువిస్తారా, వెంటనే ఆపేస్తారా? పోయిన స్కాలర్‌షిప్ జీపీఏ పెరిగితే తిరిగి వస్తుందా? ఫోన్లో అడిగితే చెప్పింది గుర్తుండదు. మెయిల్‌లో వచ్చిన జవాబును ప్రింట్ తీసి, తెలుగు కాగితానికి పిన్ను కొట్టి, ఒక కాపీ ఇంటికి పంపండి. దాని మీదే పెద్ద అంకెల్లో, ప్రతి సెమిస్టర్‌లో సబ్జెక్టు వదిలేయడానికి ఆఖరి తేదీ వేయండి. ఆ తేదీకి వారం ముందు ఇంటి నుంచి ఫోన్ రావాలి.