ముక్కు ఎండోస్కోపీ: ముందు, తర్వాత తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ముక్కు ఎండోస్కోపీ అంటే సన్నటి గొట్టం పెట్టి ముక్కు లోపల చూసే పరీక్ష. ముక్కులోకి గొట్టం పెడతారనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఆ గొట్టం మందం సుమారు 4 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ కంటే సన్నం. పరీక్ష కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది గొట్టం విషయంలో కంటే, దానికి ముందు వాడే మందు విషయంలో.

ముక్కులో స్ప్రే కొడతారు, లేదా మందులో తడిపిన దూదిని కాసేపు ఉంచుతారు. అందులో సాధారణంగా తిమ్మిరెక్కించే లిడోకైన్, ముక్కు లోపలి వాపు తగ్గించే మరో మందు ఉంటాయి. పళ్ల డాక్టరు దగ్గర ఇంజక్షన్ పడక ఎప్పుడైనా ఇబ్బంది పడి ఉంటే, బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉంటే స్ప్రే కొట్టకముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ వెంట తెచ్చుకోండి. వాటిని మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ముక్కులో కొంచెం రక్తం కారడం కంటే, మాత్ర ఆపితే గుండెకో మెదడుకో వచ్చే ముప్పు పెద్దది.

పూర్తి మత్తు ఇవ్వని పరీక్షకు సాధారణంగా పరగడుపున రానక్కర్లేదు. ఆసుపత్రివాళ్లు వేరేగా చెబితే అదే పాటించండి.

గొట్టం లోపలికి వెళ్తుంటే ఒత్తిడి తెలుస్తుంది, కళ్లలో నీళ్లు వస్తాయి, తుమ్ము రావచ్చు. నోటితో నిదానంగా గాలి పీల్చుకుంటే తేలికవుతుంది. తల మాత్రం కదపకండి. నొప్పిగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా చెయ్యెత్తండి, ఆపుతారు.

మందు గొంతులోకి జారి చేదుగా అనిపిస్తుంది, మింగుడు పడనట్టు ఉంటుంది. గొంతు మూసుకుపోతోందని కంగారుపడేవాళ్లు ఇక్కడే ఎక్కువ. గాలి ఆడుతూనే ఉంటుంది, మొద్దుబారడం వల్ల మింగినట్టు తెలియదు, అంతే. ఈ తిమ్మిరి పోయేదాకా, కనీసం ఒక గంట, ఏమీ తినకండి, తాగకండి. తినేది ఊపిరితిత్తుల వైపు పోవచ్చు, వేడిది తాగితే నోరు కాలినా తెలియదు. గంట తర్వాత ముందు ఒక గుక్క చల్లని నీళ్లు తాగి చూడండి. పొలమారకపోతే మామూలుగా తినొచ్చు.

ఆ రోజు ముక్కు గట్టిగా చీదకండి. చీమిడిలో ఎర్రటి చారలు కనిపిస్తే భయం లేదు, లోపల ముక్క తీసి పరీక్షకు పంపినవాళ్లకు ఇది కాస్త ఎక్కువ ఉంటుంది. రక్తం ధారగా కారితే తల వెనక్కి వాల్చకండి, అది గొంతులోకి దిగి వాంతి అవుతుంది. ముందుకు వంగి కూర్చుని, ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టండి. ఎముక దగ్గర నొక్కితే ఉపయోగం లేదు. గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో ఆగిందేమోనని వదిలి చూస్తే, కడుతున్న గడ్డ ఊడి మళ్లీ మొదలవుతుంది.

అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. మొహం వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఆ 15 నిమిషాలు కూడా ఆగొద్దు, వెంటనే వెళ్లండి.