రెండు బ్యాటరీల సర్క్యూట్: నోడ్ వోల్టేజ్ రాసే ముందు ఈ జాగ్రత్తలు

మొన్న స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. రెండు బ్యాటరీలు, మూడు రెసిస్టర్లు, కనుక్కోవాల్సిన నోడ్ ఒకటే. జవాబు 4 వోల్టులు. చూస్తే పేపర్ తర్వాత పేపర్ 8 అని వస్తోంది. మొదట కాపీ కొట్టారేమో అనుకున్నాను. కాదు, ఆ మూల ఈ మూల కూర్చున్నవాళ్లకీ అదే 8. లెక్కలో ఎక్కడా తప్పు లేదు, కూడికలు తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటి లైన్‌లోనే గుర్తు పోయింది. పరీక్షలు దగ్గరకొచ్చాయి కాబట్టి అదొక్కటీ గట్టిగా చెబుతాను. ఓమ్ నియమం, నోడ్ అంటే ఏమిటి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

ముందు బొమ్మ

పైన ఒక నోడ్, కింద ఒక నోడ్. కింది దాన్ని రిఫరెన్స్‌గా, అంటే సున్నా వోల్టులుగా తీసుకున్నాం. రెండింటి మధ్య మూడు బ్రాంచ్‌లు. మొదటి దాంట్లో 12 వోల్టుల బ్యాటరీ, 2 ఓమ్‌ల రెసిస్టర్; బ్యాటరీ ప్లస్ పైకి ఉంది. రెండో దాంట్లో 6 వోల్టుల బ్యాటరీ, 3 ఓమ్‌లు. ఈ బ్యాటరీ తలకిందులుగా ఉంది, ప్లస్ కింద గ్రౌండ్‌కి తగిలి ఉంది. మూడోది ఉత్త 6 ఓమ్‌ల రెసిస్టర్. పై నోడ్ వోల్టేజ్ V.

ముంచేది ఇదే

రెండో బ్రాంచ్ దగ్గరకి రాగానే చెయ్యి దానంతట అదే V - 6 అని రాసేస్తుంది. బ్యాటరీ మీద 6 అని ఉంది కదా, ఇంకేం రాయాలి అనుకుంటారు. కానీ బ్యాటరీ మీద రాసిన అంకె దాని రెండు చివరల మధ్య తేడా మాత్రమే. నోడ్ పద్ధతిలో మనకి కావలసింది గ్రౌండ్ నుంచి చూస్తే ఆ చివర ఎంత ఉంది అని. ప్లస్ చివరే సున్నా అయినప్పుడు మైనస్ చివర సున్నాకి 6 వోల్టులు కింద ఉంటుంది. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్ర ప్రోబ్ ఆ చివరకి పెడితే -6 అని చూపిస్తుంది. సమీకరణంలోకి వెళ్లాల్సింది ఆ -6. నోడ్ నుంచి బయటికి పోయే కరెంట్లన్నీ కూడితే సున్నా:

```
(V - 12)/2 + (V - (-6))/3 + V/6 = 0
3V - 36 + 2V + 12 + V = 0
6V = 24
V = 4
```

మధ్యలో +12 బదులు -12 పడితే 6V = 48, V = 8. ఆ పేపర్లలో కనిపించిన 8 ఇదే.

గుర్తు పట్టడానికి నేను చెప్పే పద్ధతి ఒకటే. గ్రౌండ్ దగ్గర వేలు పెట్టి, ఆ బ్రాంచ్ వెంట పై నోడ్ వరకూ పోనివ్వండి. బ్యాటరీ వోల్టేజ్ E అనుకోండి. బ్యాటరీలో పొట్టి గీత వైపు దూరి పొడవు గీత వైపు బయటపడితే E కి ప్లస్. పొడవు గీత వైపు దూరి పొట్టి గీత వైపు బయటపడితే E కి మైనస్. ఆ గుర్తుతో సహా (V - E)/R లో పెట్టండి. రెసిస్టర్ పైన ఉందా బ్యాటరీ పైన ఉందా అని చూడక్కర్లేదు; ఒకే బ్రాంచ్‌లో సిరీస్‌లో ఉన్నవి తారుమారైనా కరెంట్ మారదు. బ్యాటరీ ఎటు తిరిగి ఉందన్నదే ముఖ్యం.

సరిచూసుకున్నాం కదా అన్న ధీమా

చాలామంది పోయేది ఇక్కడే. 8 వచ్చినవాళ్లలో కొందరు బుద్ధిగా సరిచూసుకున్నారు కూడా. మొదటి బ్రాంచ్‌లోంచి 2 ఆంపియర్లు వస్తున్నాయి. రెండో దాంట్లోకి 2/3, మూడో దాంట్లోకి 4/3 పోతున్నాయి. కూడితే 2. సరిపోయింది! సరిపోక ఏమవుతుంది, తప్పు రాసిన సమీకరణాన్నే మళ్లీ కూడారు కాబట్టి. నోడ్ దగ్గర కరెంట్లు కుదిరినంత మాత్రాన బ్యాటరీ గుర్తు సరైనదని కాదు.

దాన్ని పట్టించేది లూప్. రాసిన సమీకరణం మీద చెయ్యి అడ్డం పెట్టి, బొమ్మ మాత్రమే చూస్తూ బయటి లూప్ చుట్టూ ఒక చుట్టు తిరగండి. గ్రౌండ్ దగ్గర 0. మొదటి బ్యాటరీ దాటితే 12. 2 ఓమ్‌లలో 2 ఆంపియర్లు, 4 పోతే 8. 3 ఓమ్‌లలో 2/3 ఆంపియర్, 2 పోతే 6. ఇప్పుడు రెండో బ్యాటరీ మైనస్ దగ్గర ఉన్నాం. దాటితే ప్లస్, అంటే ఇంకో 6 పెరిగి 12. గ్రౌండ్‌కి వచ్చేశాం, సున్నా కావాల్సింది 12 అయింది. ఆ 12 సరిగ్గా 6 కి రెట్టింపు. తేడా ఒక బ్యాటరీకి సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే ముందు ఆ బ్యాటరీ గుర్తే చూడండి. V = 4 తో తిరగండి: 12, ఆపై 4 ఆంపియర్లకి 8 పోతే 4, ఆపై 10/3 ఆంపియర్లకి 10 పోతే -6, బ్యాటరీ దాటితే 0.

ఇక మిగతావి

- రెండు బ్యాటరీలూ ప్లస్ పైకే ఉంటే మాత్రం 8 సరైన జవాబే. అప్పుడు 6 వోల్టుల బ్యాటరీ ప్లస్‌లోకి 2/3 ఆంపియర్ దూరుతుంది, అంటే అది ఛార్జ్ అవుతోంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంట్ మైనస్‌లో వచ్చిందని కంగారుపడి గుర్తు "సరిచేయకండి". ఆ టెన్షన్‌లో మంచి జవాబు కొట్టేసినవాళ్లని చూశాను.
- బయటికి పోయే కరెంట్లు అని మొదలుపెడితే మూడు టర్మ్‌లూ V తోనే మొదలవ్వాలి. ఒకటి 12 - V, ఇంకొకటి V + 6 అని కలిపి అన్నిటి మధ్యా ప్లస్ పెట్టారో, పోయినట్టే.
- గ్రౌండ్ మధ్యలో మార్చకండి. పై నోడ్‌ని గ్రౌండ్ చేసుకుంటే కింది నోడ్ -4 వస్తుంది. అదీ సరైనదే, కానీ మొదటి నుంచీ అలాగే రాయాలి.
- బ్రాంచ్‌లో రెసిస్టర్ లేకుండా బ్యాటరీ ఒక్కటే నోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఉంటే సమీకరణం రాయకండి. R సున్నా, దేనితో భాగిస్తారు? నోడ్ వోల్టేజ్ ఆ బ్యాటరీదే, గుర్తుతో సహా.
- కిలో ఓమ్‌లైతే కరెంట్ మిల్లీ ఆంపియర్లలో. ఒకటి ఓమ్‌లలో, ఒకటి కిలో ఓమ్‌లలో వదిలేయొద్దు.
- బ్రాకెట్లు పెట్టండి. V - (-6) అని రాశాకే V + 6 చేయండి. ఒక లైన్ కలిసొస్తుందని ఎగ్గొట్టొద్దు.
- బ్యాటరీ గీతలు చూడకుండా పెన్ను కదపొద్దు. పొడవు గీత ప్లస్, పొట్టి గీత మైనస్.
- రెండో బ్యాటరీ దగ్గర ఆగండి. వేలు గ్రౌండ్ నుంచి పైకి. పొట్టి గీత వైపు బయటపడిందా? అయితే మైనస్.