ఫ్యాన్ ఖర్చు రోలప్‌లో తప్పుతోందా? ముందు రాగి తీగ కిలోలు చూడండి

సీలింగ్ ఫ్యాన్లు చేసే యూనిట్‌లో కాస్టింగ్ చూసేవాళ్లకు ఈ టెన్షన్ తెలిసిందే. సిస్టమ్‌లో బామ్ రోలప్ చేస్తే, అంటే భాగాల జాబితా పట్టుకుని కింది భాగాల ఖర్చులు పైకి కలుపుకుంటూ పోతే, ఒక ఖర్చు వస్తుంది, నెలాఖరున స్టోర్స్ ఇష్యూలతో లెక్క కడితే ఇంకోటి వస్తుంది. తేడా ఫ్యాన్‌కు ఇరవై ముప్పై రూపాయలే అయినా నెలకు పదివేల ఫ్యాన్లు చేసేచోట అది లక్షల్లోకి పోతుంది. అప్పుడు అందరూ చేసే పని రేట్లు తిరగేయడం. నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి. ఇప్పుడు ముందు పరిమాణాలు చూస్తాను, రూపాయల జోలికి తర్వాతే వెళతాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. లెక్క తేలిగ్గా సాగడానికి రౌండ్ అంకెలు వేశాను, మీ రేట్లు వేసుకోండి. పైన ఫ్యాన్, దాని కింద మోటార్, మోటార్ కింద వైండింగ్ అయిన స్టేటర్, దాని కింద స్టాంపింగ్ ప్యాక్. ప్యాక్‌కు సిలికాన్ స్టీల్ స్ట్రిప్ 1.5 కిలోలు, కిలో 80 చొప్పున 120 రూపాయలు. పంచింగ్‌లో మిగిలిన 0.6 కిలోల జాలీని కిలో 30కి అమ్మితే 18 వెనక్కి వస్తుంది. ప్రెస్ కూలి 8. ప్యాక్ ఖర్చు 110.

స్టేటర్‌లో ఈ ప్యాక్ ఒకటి. రాగి తీగ 0.25 కిలో, కిలో 900. చివరలు కత్తిరించడం, చిక్కులు పడటం వల్ల ఇష్యూ చేసిన తీగలో 4 శాతం పోతుంది. కాగితం, వార్నిష్ కలిపి 15, వైండింగ్ కూలి 40. తయారైన స్టేటర్లలో 5 శాతం టెస్టింగ్‌లో షార్ట్ అనో, ఎర్త్ అనో పోతాయి.

తీగ ఖర్చు 225ని 0.96తో భాగిస్తే 234.38. ప్యాక్, కాగితం, కూలి కలిపితే మొదలుపెట్టిన ఒక్కో స్టేటర్‌కు 399.38. దాన్ని 0.95తో భాగిస్తే మంచి స్టేటర్ ఒక్కోటి 420.40. సిస్టమ్ ఈ అంకె చూపిస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

మొదటి పరీక్ష

వెయ్యి ఫ్యాన్లకు బామ్‌ను అన్ని లెవెల్స్‌లోనూ విప్పి, ఒక్క రాగి తీగ వరుస పట్టుకోండి. ఎస్‌ఏపీలో అయితే `CK11N`లో కాస్టింగ్ లాట్ సైజు 1000 ఇచ్చి తీగ పరిమాణం చూడొచ్చు. నష్టాలేమీ లేకపోతే 250 కిలోలు కావాలి. నాలుగు శాతం, అయిదు శాతం సరిగ్గా పడితే 274 కిలోలు. సిస్టమ్ 260 చూపిస్తే స్టేటర్ రిజెక్షన్ ఎక్కడా నమోదు కాలేదని అర్థం. 288 దగ్గరికి వస్తే అదే రిజెక్షన్ రెండుసార్లు పడింది. 274 దగ్గరే ఉండి రూపాయలు మాత్రం తేడా వస్తే, తప్పు రేటులోనో రోలప్ వరుసలోనో ఉంది. సగం వెతుకులాట ఇక్కడే తప్పుతుంది.

లక్షణం: తీగ 288 కిలోలు, స్టేటర్ మీద 22 రూపాయలు ఎక్కువ

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అయిదు శాతాన్ని ఒకరు స్టేటర్ ఐటమ్ మీద పెట్టారు, ఇంకొకరు మోటార్ బామ్‌లో స్టేటర్ ఉన్న లైన్ మీద కూడా పెట్టారు. మొదటిది ప్లానింగ్ వాళ్లు చేస్తారు, రెండోది డిజైన్ వాళ్లు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశామనుకుంటారు. 399.38ని రెండుసార్లు 0.95తో భాగిస్తే 442.53 వస్తుంది. ఎస్‌ఏపీలో మొదటిది మెటీరియల్ మాస్టర్ `MRP 1`లో `Assembly Scrap (%)`, రెండోది బామ్ లైన్‌లో `Component Scrap (%)`. రెండు తెరలు పక్కపక్కన ఎవరూ తెరవరు కాబట్టి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

పరిష్కారానికి ఒక్క నియమం చాలు. వస్తువు తయారవుతూ పాడైతే ఆ నష్టం ఆ వస్తువు మీదే ఉండాలి. మంచిగా తయారైన స్టేటర్‌ను మోటార్‌లో బిగించేటప్పుడు పాడుచేస్తేనే మోటార్ బామ్ లైన్ మీద పెట్టాలి. మా దగ్గర బిగింపులో పోయేవి వెయ్యికి ఒకటో రెండో. అందుకని ఆ లైన్ ఖాళీగా వదిలేశాం.

ఇలాంటిదే ఇంకో పొరపాటు ఉంది. ఫైనల్ టెస్టింగ్‌లో 2 శాతం ఫ్యాన్లు శబ్దం వస్తోందని వెనక్కి వస్తాయి. వాటిని చూసి ఫ్యాన్ మీద 2 శాతం స్క్రాప్ పెడతారు. దాంతో రెక్కలు, కెపాసిటర్, చివరికి అట్టపెట్టె కూడా 2 శాతం ఎక్కువ ఖర్చవుతున్నట్టు లెక్క తేలుతుంది. నిజానికి ఆ ఫ్యాన్లను ఎవరూ పారేయరు, బేరింగ్ మార్చి పంపిస్తారు. అది రీవర్క్ కూలి, స్క్రాప్ కాదు.

లక్షణం: లెక్క ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది

ఇది శాతాన్ని కలపడానికీ, భాగించడానికీ మధ్య ఉన్న తేడా. స్టేటర్ దగ్గర దొరకదు, ఎందుకంటే కలిపితే 273 కిలోలు, భాగిస్తే 274. రిజెక్షన్ ఎక్కువున్న చోటే బయటపడుతుంది. మోటార్ కవర్ డై కాస్టింగ్ తీసుకోండి. గాలి బుడగలూ, నిండని అంచులూ కలిపి 20 శాతం పోతున్నాయనుకుందాం. వంద పోస్తే 80 మంచివి. వంద మంచివి కావాలంటే 125 పోయాలి. 20 శాతం కలిపే సిస్టమ్ మాత్రం 120 చాలంటుంది, వాటిలోంచి చేతికి వచ్చేవి 96. గ్యాస్, కూలి, మెషిన్ కలిపి ఒక్కో పోతకు 60 అయితే, సిస్టమ్ 72 చూపిస్తుంది, అసలు ఖర్చు 75. ఫ్యాన్‌కు రెండు కవర్లు కాబట్టి పదివేల ఫ్యాన్లకు 60,000 రూపాయలు కనిపించకుండా పోతాయి.

మీ సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతి వాడుతుందో తెలుసుకోవాలంటే ఒక డమ్మీ ఐటమ్‌కు 50 శాతం ఇచ్చి చూడండి. పరిమాణం 1.5 వస్తే కలుపుతోంది, 2 వస్తే భాగిస్తోంది. ఎస్‌ఏపీ కలుపుతుంది. ఒరాకిల్‌లో స్క్రాప్ శాతం బదులు కాంపొనెంట్ యీల్డ్ అడుగుతుంది, దాంతో భాగిస్తుంది. అక్కడ 20 శాతం నష్టమంటే 0.8 అని ఇవ్వాలి. కలిపే సిస్టమ్‌లో అయితే నిజమైన రిజెక్షన్‌ను మార్చి ఎక్కించాలి:

```
entry_pct = 100 * s / (1 - s)
s = 0.20  ->  25
s = 0.05  ->  5.26
```

ఇంకో సంగతి. షాప్ ఫ్లోర్ నుంచి వచ్చే శాతం దేని మీద శాతమో అడగండి. కొందరు సూపర్‌వైజర్లు పోయినవాటిని మంచివాటితో భాగించి చెబుతారు. అలాంటిది కలిపే సిస్టమ్‌లో అలాగే ఎక్కించాలి, మళ్లీ మార్చితే ఎక్కువైపోతుంది.

లక్షణం: కిలోలు సరిపోయాయి, రూపాయలే పాతవి

రాగి తీగ 800 నుంచి 900 అయింది. స్టేటర్ కార్డు తెరిస్తే 420.40 అని కనిపిస్తుంది. మోటార్ బామ్‌లో స్టేటర్ లైన్ చూస్తే 392.98. ఈ రెండో అంకె 800 రేటుది. అంటే స్టేటర్‌ను రోల్ చేశారు కానీ మోటార్‌ను అంతకుముందే రోల్ చేసేశారు, లేదా మోటార్‌ను ఒక్క లెవెల్ వరకే రోల్ చేశారు. ఫ్యాన్‌కు 27 రూపాయల తేడా ఇక్కడే ఉంది.

అన్నిటికంటే అడుగున ఉన్నదాంతో మొదలుపెట్టి పైకి వెళ్లడమే దీనికి మందు. అది అందరికీ తెలుసు. తప్పేది ఒకే సబ్-అసెంబ్లీ రెండు లెవెల్స్‌లో ఉన్నప్పుడు. మా దగ్గర టెర్మినల్ క్రింప్ చేసిన లీడ్ వైర్ సెట్ అలాంటిదే. స్టేటర్ లోపలా వాడతాం, పైన కెపాసిటర్ దగ్గర నేరుగా ఫ్యాన్ లెవెల్‌లోనూ వాడతాం. దాన్ని పై లెవెల్ ఐటమ్‌గా లెక్కిస్తే స్టేటర్ తర్వాత రోల్ అవుతుంది, స్టేటర్‌లోకి పాత ఖర్చే పోతుంది. ఒక ఐటమ్ ఎన్ని చోట్ల ఉన్నా అత్యంత లోతైన చోటే దాని లెవెల్‌గా తీసుకోవాలి. ఈఆర్‌పీలు లో లెవెల్ కోడ్ పేరుతో ఈ పని చేస్తాయి, అయితే బామ్ మార్చాక ఆ కోడ్ మళ్లీ లెక్కించిందో లేదో చూడాలి. ఎక్సెల్‌లో చేసేవాళ్లు ఆ కాలమ్ చేత్తోనే పెట్టుకోవాలి.

లక్షణం: పరిమాణం, రేటు, వరుస అన్నీ సరే, అయినా రోలప్ ఎక్కువ

దీని మీదే నాకు ఎక్కువ కాలం పట్టింది. అయిదు శాతం స్టేటర్లు పోతున్నాయన్న మాట నిజమే, కానీ వాటితో ఏం పోతోంది? ఒకరోజు వైండింగ్ సెక్షన్‌లో నిలబడి చూశాను. పోయిన స్టేటర్‌ను ఓ కుర్రాడు ఉలితో ఒకవైపు తీగ తెగ్గొట్టి, రెండోవైపు నుంచి లాగేశాడు. స్లాట్ కాగితం గీకి ప్యాక్‌ను మళ్లీ వైండింగ్‌కు పంపాడు. తీగ బస్తాలో పడింది. ఆ బస్తా కిలో 600కి పోతుంది. రోలప్ మాత్రం ప్యాక్ కూడా పోయినట్టు, తీగకు పైసా రానట్టు లెక్క కడుతోంది.

సరిచేస్తే ఇలా వస్తుంది. ప్యాక్ 110 అలాగే. తీగ, కాగితం, కూలి కలిపి 289.38ని మాత్రమే 0.95తో భాగిస్తే 304.61. మొత్తం 414.61. ఒక మంచి స్టేటర్‌కు 0.0526 రిజెక్ట్ అవుతుంది, దాని తీగ అమ్మితే 7.89 వస్తుంది, ఊడదీసే కూలి అర్ధరూపాయి పోతుంది. ఇక ఆ 4 శాతం చివరల తీగా బస్తాలోకే వెళుతుంది, అది ఆరున్నర రూపాయలు. చివరికి దాదాపు 401. సిస్టమ్ చూపిన 420.40కి ఇది దాదాపు 20 రూపాయలు తక్కువ.

బామ్‌లో దీన్ని రెండు మార్పులతో చెప్పొచ్చు. అయిదు శాతాన్ని స్టేటర్ మీంచి తీసి తీగ, కాగితం లైన్ల మీదా, కూలి సమయంలోనూ పెట్టండి. ఎస్‌ఏపీలో స్టేటర్ మీదే ఉంచి, ప్యాక్ లైన్‌కు `Net ID` టిక్ పెట్టినా ప్యాక్ మీద అసెంబ్లీ స్క్రాప్ పడదు. తర్వాత అమ్ముడయ్యే రాగికి మైనస్ పరిమాణంతో ఒక లైన్ వేయండి. దానికి తప్పకుండా వేరే ఐటమ్ కోడ్ ఉండాలి. కొత్త తీగ కోడ్‌నే మైనస్‌లో వేస్తే తుక్కు కిలో 900కి అమ్ముడవుతున్నట్టు తేలుతుంది.

కవర్ల అల్యూమినియం కూడా ఇలాంటిదే. పోయిన కవర్ మళ్లీ కొలిమిలోకే వెళుతుంది కాబట్టి లోహంలో కరిగించేటప్పుడు పోయే తరుగు మాత్రమే నష్టం. 20 శాతం వేయాల్సింది గ్యాస్, కూలి, మెషిన్ మీదే.

శాతాలు ఏ నెలవి వాడాలన్న గొడవ ఒకటి ఉంటుంది. ఒక నెల తీగ లాట్ బాగోలేక స్టేటర్లు 11 శాతం పోయాయని ఆ అంకె బామ్‌లోకి ఎక్కించకండి. స్టాకు విలువ కట్టేటప్పుడు అసాధారణ నష్టాన్ని కలపకూడదని అకౌంటింగ్ స్టాండర్డ్‌లు ఏఎస్-2, ఇండ్ ఏఎస్-2 రెండూ చెబుతాయి. అది ఆ నెల లాభనష్టాల్లోకి నేరుగా పోవాలి. మేం గడిచిన ఆరు నెలల ఇష్యూ స్లిప్పులు, తుక్కు తూకం చీటీలు పక్కన పెట్టుకుని, అలాంటి లాట్లు తీసేసి సగటు కడతాం. తూకం చీటీల్లో రాగి, జాలీ కలిపి ఒకే బరువు రాసిన రోజులు కొన్ని తగిలాయి. వాటిని వదిలేయడం తప్ప దారి లేకపోయింది.