పెళ్లి కార్డు ప్లేటుకెక్కే ముందు చూసుకోవాల్సినవి

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడేసరికి పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం వైపు డీటీపీ షాపులన్నింటికీ పని ఒక్కసారిగా మీద పడుతుంది. పెళ్లికొడుకు వాళ్లది ఇటువైపు, పెళ్లికూతురు వాళ్లది పాతపట్నం అయితే కార్డుకి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా వేయాలి. డిజైన్ షాపులోనే అవుతుంది కానీ నాలుగు రంగుల ఆఫ్‌సెట్ పని చాలావరకు బరంపురమో విశాఖపట్నమో వెళ్తుంది. కట్టలు విప్పాక తప్పు బయటపడితే మళ్లీ ప్లేట్లు, మళ్లీ కాగితం, మళ్లీ మెషీన్ దగ్గర వంతు. ముహూర్తం మాత్రం మనకోసం ఆగదు.

ప్రెస్సులో ప్లేట్లకు వెళ్లే ఫైళ్లు చూడటం నా పని. ఈ సీజన్‌లో మళ్లీ మళ్లీ కనబడే తప్పులు మూడే: బ్లీడ్ లేకపోవడం, ఫొటోలో పిక్సెళ్లు చాలకపోవడం, రంగులు ఆర్‌జీబీలో ఉండిపోవడం. మూడూ ఒకే కార్డులో ఉన్న ఫైలొకటి ఈమధ్యే వచ్చింది. దాన్నే పట్టుకుని చెప్తాను.

కార్డు సైజు 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు. నిండా పసుపు రంగు బ్యాక్‌గ్రౌండ్, పైన మామిడాకుల తోరణం, మధ్యలో జంట ఫొటో, కింద మెరూన్ రంగులో పేర్లు, నల్లటి చిన్న అక్షరాల్లో ముహూర్తం, వేదిక. పెళ్లికూతురి తమ్ముడు ఫోన్లోనే కాన్వాలో చేసి, జేపీజీగా షాపుకి వాట్సాప్ చేశాడు. షాపాయన దాన్నే మాకు పంపారు. చూడటానికి ముచ్చటగా ఉంది.

ముందు బ్లీడ్ సంగతి. కార్డులు ఒక్కొక్కటిగా కోయరు. పెద్ద షీటు మీద పక్కపక్కన ప్రింటు చేసి, దొంతిగా పేర్చి కటింగ్ మెషీన్లో పెడతారు. బ్లేడు దిగేటప్పుడు దొంతి కాస్త కదులుతుంది, పైనున్న షీటుకీ అడుగునున్న షీటుకీ కోత ఒక్కచోటే పడదు. అర మిల్లీమీటరు, ఒక్కోసారి మిల్లీమీటరు తేడా మామూలే. బ్యాక్‌గ్రౌండ్ రంగు కచ్చితంగా కార్డు అంచు దగ్గరే ఆగిపోతే ఆ తేడా పడిన చోటల్లా తెల్ల గీత కనబడుతుంది. పైగా మనవాళ్లు కార్డు నాలుగు మూలలా పసుపు రాసి ఇస్తారు కదా, చూపు ముందు పడేది అక్కడే. అందుకే రంగుని ప్రతివైపు 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించాలి. 5×7 కార్డంటే 127×177.8 మిల్లీమీటర్లు. బ్లీడ్‌తో కలిపి ఫైలు 133×183.8 ఉండాలి. మాకు వచ్చిన ఫైలు సరిగ్గా 5×7 నిష్పత్తిలోనే ఉంది, అంటే బ్లీడ్ అసలు లేదు.

ఇలాంటప్పుడు చాలాచోట్ల ఏం చేస్తారంటే ఫైలుని కొంచెం సాగదీసి పెద్దది చేసి పంపేస్తారు. అది చాలా ప్రమాదం. 127ని 133 చేయాలంటే 4.7 శాతం పెంచాలి. అప్పుడు అంచుకి 3 మిల్లీమీటర్లు లోపలున్న అక్షరం కూడా బయటికి జరిగి, కోతగీతకు 0.14 మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేస్తుంది. ఈ కార్డులో కుడివైపు వేదిక అడ్రసు అంచుకి అంత దగ్గరగానే ఉంది. సాగదీసి ఉంటే చివరి అక్షరాలు కొన్ని కార్డుల్లో తెగేవి, కొన్నింటిలో బతికేవి. కాబట్టి సాగదీయొద్దు. ఒరిజినల్ డిజైన్ తెరిచి బ్యాక్‌గ్రౌండ్‌ని, తోరణాన్ని మాత్రమే బయటికి లాగాలి. అక్షరాలు, ఫొటో అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

కాన్వాలో చేసినవాళ్లకి ఒక మాట. సెట్టింగ్స్‌లో Show print bleed ఆన్ చేస్తే అంచు చుట్టూ గీత కనబడుతుంది, బొమ్మని ఆ బయటి చివరిదాకా లాగాలి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు JPG కాకుండా PDF Print తీసుకుని Crop marks and bleed టిక్ పెట్టాలి. టిక్ ఒక్కటీ పెట్టి బొమ్మని లాగకపోతే కటింగ్ మార్కులు వస్తాయి, బ్లీడ్ చోట తెలుపే ఉంటుంది. ఫైల్లో మార్కులు ఉన్నాయి కదా అని బ్లీడ్ ఉందనుకోకండి, మార్కుకి అవతల రంగు ఉందా అన్నది జూమ్ చేసి చూడండి. కోరల్‌డ్రాలో అయితే Publish to PDF చేసేటప్పుడు Prepress ట్యాబ్‌లో బ్లీడ్ 3 మిల్లీమీటర్లు ఇవ్వాలి. అక్కడా అంతే, పేజీ బయటికి బొమ్మ లాగి ఉంటేనే అది పనిచేస్తుంది.

రెండోది ఫొటో. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు కుదించుకుపోతుంది. మా చేతికొచ్చిన జేపీజీ 1143×1600 పిక్సెళ్లు. 1143ని 5 అంగుళాలతో భాగిస్తే అంగుళానికి 229 పిక్సెళ్లు. మంచి ఆర్ట్ పేపరు మీద ఆఫ్‌సెట్‌కి అసలు సైజులో 300 ఉండాలన్నది లెక్క. 229తో ఫొటో ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, మామూలు కంటికి పెద్దగా తెలియదు. ఇక్కడ ఇబ్బంది అక్షరాలతో. జేపీజీ అయ్యేసరికి అక్షరాలు కూడా పిక్సెళ్లయిపోయాయి. స్క్రీన్ మీద 400 శాతం పెంచి చూస్తే ‘కళ్యాణ మహోత్సవం’లో వత్తుల చుట్టూ బూడిదరంగు పొగలా కనబడింది. ప్రింటులో ఆ పొగ చుక్కలుగా మారి చిన్న అక్షరాలు మసకేస్తాయి. తెలుగుకీ ఒడియాకీ ఇది మరీ నష్టం, గుండ్రటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అక్షరాలు అక్షరాలుగానే, లేదా కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్‌లో ఉండాలి. ఒడియా తెలిసినవాళ్లతో ప్రూఫు చదివించాకే కర్వ్స్ చేయండి, తర్వాత దిద్దడం నరకం.

కాన్వా లింకు తెప్పించుకుని తెరిస్తే అసలు లోపం అక్కడ బయటపడింది. జంట ఫొటో నిశ్చితార్థం గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించింది. వాళ్లిద్దరి వరకు మిగిలింది 640 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని కార్డు మీద 4 అంగుళాల వెడల్పున పెట్టారు. అంటే అంగుళానికి 160. ముఖాల అంచులు మెట్లుమెట్లుగా రావడానికి అది చాలు.

ఈ లెక్క ప్రతి ఫొటోకీ వేసుకోవాలి: ఫొటో పిక్సెళ్ల వెడల్పుని కార్డు మీద అది పట్టే అంగుళాలతో భాగించాలి. ఫైలు ప్రాపర్టీస్‌లో 300 డీపీఐ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, దాన్ని పేజీ మీద ఎంత పెద్దది చేశారన్నదే అసలు ప్రశ్న. ఇన్‌డిజైన్‌లో Links ప్యానెల్‌లో Effective PPI చూడండి, Actual PPI కాదు. కోరల్‌డ్రాలో ఫొటోని సెలెక్ట్ చేస్తే కింద స్టేటస్ బార్‌లో ఆ సైజుకి డీపీఐ, పక్కనే RGBనా CMYKనా అన్నదీ కనబడతాయి. పవర్‌క్లిప్‌లో దాగిన ఫొటోలని లోపలికి వెళ్లి చూడాలి. ఇక ఫొటోషాప్‌లో 72ని 300 అని కొట్టేస్తే బాగైపోతుందన్న నమ్మకం చాలా షాపుల్లో ఉంది. Resample టిక్ ఉంటే కంప్యూటరు కొత్త పిక్సెళ్లు ఊహించి నింపుతుంది, పోయిన కనురెప్పలు తిరిగి రావు. టిక్ తీసేస్తే ఫొటో ప్రింటు సైజు తగ్గుతుంది, అంతే.

ఈ కార్డుకి దారులు రెండు. ఫొటోని రెండున్నర అంగుళాలకి తగ్గిస్తే 256 వస్తుంది, పనవుతుంది. లేదా ఫొటోగ్రాఫర్ దగ్గర కెమెరా ఫైలు తెప్పించుకోవాలి. “ఫోన్లో బాగానే ఉంది కదండీ” అన్నాడు అబ్బాయి. ఫోన్లో ఆ ఫొటో రెండంగుళాలే ఉంటుంది, అందుకే బాగుందని చెప్పి కెమెరా ఫైలే అడిగాం. వాట్సాప్‌లోనే వచ్చింది, కానీ ఈసారి ఫొటోగా కాకుండా Documentగా పంపమన్నాం. అలా పంపితే కుదించకుండా ఉన్నదున్నట్టు వస్తుంది.

మూడోది రంగు. ఇందులో రెండు వేరువేరు బాధలున్నాయి, జనం మొదటిదే చూస్తారు. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు ఇంకులతో. వెలుతురులో వచ్చే కొన్ని రంగులు ఇంకులో రావు. పసుపుకి భయం లేదు, యెల్లో ఇంకు 100, మజెంటా 15 నుంచి 20 ఇస్తే మంచి పసుపు పడుతుంది. తోరణంలోని మెరిసే ఆకుపచ్చ మాత్రం సీఎంవైకేకి మారగానే చల్లబడిపోయింది. నీలం అయితే ఊదాలోకి జారుతుంది. అందుకే మార్చడం ముందే మార్చి, మారిన రంగునే ఇంటివాళ్లకి చూపించి ఒప్పించాలి. కాన్వాలో సీఎంవైకే డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఉంది, లేనివాళ్ల పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే వస్తుందని గుర్తుంచుకోండి.

రెండో బాధ నలుపుది. నన్నడిగితే ఎక్కువ నష్టం దీనివల్లే. ఆర్‌జీబీ నలుపుని ఫొటోషాప్ మామూలు సెట్టింగ్‌లో మారిస్తే సయాన్ 75, మజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. ముహూర్తం రాసిన ఆ చిన్న అక్షరం నాలుగు ప్లేట్ల మీదా ఉంటుంది. మెషీన్లో ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి ఎర్రటి, నీలం నీడలు వస్తాయి. పైగా కలిపితే 300 శాతం ఇంకు, ఆర్ట్ పేపరుకే అది అంచు. మామూలు కాగితం మీద ఆరక, పక్క షీటు వెనక్కి అంటుకుంటుంది. చిన్న అక్షరాలకి బ్లాక్ 100, మిగతా మూడూ సున్నా. ఇది చేత్తో మార్చాల్సిందే. పీడీఎఫ్‌ని PDF/X-1aగా సేవ్ చేస్తే ఆర్‌జీబీ పోతుంది గానీ ఈ నలుపు నాలుగు ఇంకుల నలుపుగానే మిగలొచ్చు. తక్కువ పిక్సెళ్ల ఫొటోని కూడా అది ఆపదు.

పట్టుకోవడం తేలిక. అక్రోబాట్ ప్రోలో Output Preview తెరిచి బ్లాక్ ప్లేటు టిక్ తీసేయండి. చిన్న అక్షరాలన్నీ మాయమైపోవాలి, లేదా ఇంకేమీ లేకుండా తెల్లగా కనబడాలి. ఈ కార్డులో తీసేస్తే ముహూర్తం, వేదిక రెండూ మట్టిరంగులో అలాగే నిలబడ్డాయి. షాపులో అక్రోబాట్ ప్రో లేకపోతే కోరల్‌డ్రాలో File మెనూలోని Document Propertiesలో ఫిల్స్, బిట్‌మ్యాప్స్ దగ్గర RGB అని ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే ఫైలు ఇంకా రెడీ కాలేదన్నమాట.

పంపే ముందు చివరగా లేజర్ ప్రింటర్ మీద 100 శాతం సైజులో ఒక కాపీ తీయండి. Fit to page పెట్టొద్దు, సైజు మారిపోతుంది. స్కేలు పెట్టి కటింగ్ మార్కుల దగ్గర బ్లేడుతో కోసి, నిజమైన కార్డులా చేతిలో పట్టుకుని చూడండి. అంచుకి దగ్గరైన అక్షరం, మసకేసిన ముఖం అక్కడే తెలిసిపోతాయి. రంగు మాత్రం ఆ కాపీలో చూసి తేల్చకండి. లేజర్ టోనరు వేరు, ఆఫ్‌సెట్ ఇంకు వేరు. రంగు మీద పట్టింపు ఉన్న ఇల్లయితే ప్రెస్సుని కలర్ ప్రూఫ్ అడిగి, దాని మీద ఇంటి పెద్ద చేత సంతకం పెట్టించుకున్నాకే ప్లేట్లకి సరే అనండి.