ఫిర్యాదుకు రాసిన ఘాటు జవాబును మర్యాదగా మార్చడం ఎలా?

ఒక కస్టమర్ మార్చి 3న ప్రింటర్ కొన్నారు. అది ఆగిపోయిందని, డబ్బు వాపసు కావాలని ఏప్రిల్ 18న మెయిల్ పెట్టారు. ఆరు రోజులైనా జవాబు రాలేదని మళ్లీ గట్టిగా రాశారు. ఆ టెన్షన్‌లో సిబ్బంది రాసిన జవాబు ఇది:

"మీరు నిబంధనలు చదవలేదు కదా. 30 రోజులు దాటాక ఎవరికీ డబ్బు ఇవ్వం. వాడటం తెలియకపోతే అది మా తప్పు కాదు. మాకు రోజూ వందల మెయిల్స్ వస్తాయి."

ముందుగా ఇందులో రుజువు చూపగలిగేవి ఏవో గుర్తించండి. 30 రోజుల గడువు, మన ఆలస్యం, ఈ రెండే. చదవలేదు, వాడటం తెలియదు అన్నవి మన ఊహలు. వాటిని మెత్తబరచడానికి ప్రయత్నించకండి, కొట్టేయండి.

తర్వాత వాక్యాన్ని మనిషి మీద నుంచి విషయం మీదకు మళ్లించండి. "మీరు గడువు దాటించారు" బదులు "గడువు ఏప్రిల్ 2తో ముగిసింది" అనండి. "కదా", "మీరే", "ముందే చెప్పాం" లాంటి మాటలు ఎక్కడున్నా తీసేయండి. చిన్న మాటలే, కానీ చదివేవాళ్లకు వేలెత్తి చూపినట్టు ఉంటుంది.

అసలు కష్టమంతా "కాదు" అని చెప్పడంలోనే ఉంది. "ఇవ్వం" అంటే మొండితనం వినిపిస్తుంది, "ఇవ్వలేం" అంటే నిబంధన అడ్డొచ్చిందని అర్థమవుతుంది. కారణం ముందు చెప్పి, "ఇవ్వలేం" అని ఒక్కసారే స్పష్టంగా రాయండి. మర్యాద కోసం "పరిశీలిస్తాం" అని రాయడం నా దృష్టిలో ఘాటు జవాబు కన్నా పెద్ద తప్పు. అవతలివాళ్లు రాని డబ్బు కోసం ఎదురుచూస్తారు.

క్షమాపణ మన వల్ల జరిగిన దానికే చెప్పాలి. ఇక్కడ అది ఆలస్యం. "ఇబ్బంది కలిగి ఉంటే" అని షరతు పెట్టకండి, వెంటనే "కానీ" అని సాకు తగిలించకండి. ప్రింటర్ ఎందుకు ఆగిందో ఇంకా చూడలేదు కాబట్టి ఆ లోపాన్ని ఇప్పుడే ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు జవాబు ఇలా ఉంటుంది:

"ప్రింటర్ పనిచేయడం లేదని ఏప్రిల్ 18న మీరు రాసిన మెయిల్ అందింది. ఆరు రోజుల పాటు జవాబు ఇవ్వనందుకు క్షమించండి. డబ్బు వాపసు గడువు కొన్న రోజు నుంచి 30 రోజులు. అది ఏప్రిల్ 2తో ముగిసినందున డబ్బు వాపసు ఇవ్వలేం. ప్రింటర్‌కు ఏడాది వారంటీ ఉంది. దాన్ని సర్వీస్ సెంటర్‌కు పంపితే పరీక్షించి, లోపం వారంటీ కిందకు వస్తే ఉచితంగా రిపేరు చేస్తాం. పంపే ఏర్పాటు కోసం ఈ మెయిల్‌కు జవాబుగా మీ బిల్లు నంబర్ రాయండి."

పంపే ముందు వారంటీ వివరాలు ఒకసారి సరిచూసుకోండి. కస్టమర్ మళ్లీ డబ్బే అడిగితే గొంతు పెంచకుండా, కొత్త కారణాలు వెతక్కుండా గడువు వాక్యాన్నే తిరిగి రాసి, రిపేరు దారి మళ్లీ చూపండి. కారణం మారితే నిబంధన కూడా మారుతుందేమో అనిపిస్తుంది.