స్లైడ్‌లని వాట్సాప్ గ్రూపులో పనికొచ్చే వీడియోగా, జిఫ్‌గా మార్చడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో ఖరీఫ్ మొదలయ్యే వేళకి రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి పవర్‌పాయింట్ ఫైళ్లు వచ్చి పడుతుంటాయి. వాటిని తెరిచేవాళ్లు తక్కువ. ఫోన్‌లో ఆ ఫైలు తెరవడానికి యాప్ ఉండాలి. యాప్ ఉన్నా, కంప్యూటర్‌లో అను ఫాంట్‌తో కొట్టిన తెలుగు ఫోన్‌లో గజిబిజి గుర్తులుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఫాంట్ ఫోన్‌లో ఉండదు. అదే స్లైడ్‌లని వీడియోగా మారిస్తే అక్షరాలు బొమ్మగా స్థిరపడిపోతాయి. ఏ ఫాంట్ వాడినా ఎవరి ఫోన్‌లోనైనా ఒకేలా కనిపిస్తాయి.

ఉదాహరణకి తడి ఆకుమడికి వరి విత్తన శుద్ధి గురించి ఆరు స్లైడ్‌లు ఉన్నాయనుకుందాం. మొదటిది శీర్షిక. రెండోది మోతాదు: కిలో విత్తనానికి లీటరు నీళ్లు, 1 గ్రాము కార్బండజిమ్. అంటే 20 కిలోల శ్రీకాకుళం సన్నాలకి 20 లీటర్లు, 20 గ్రాములు. మూడోది 24 గంటలు నానబెట్టడం, నాలుగోది 24 గంటలు మండె కట్టడం, ఐదోది ఆకుమడిలో చల్లడం. ఆరోది హెచ్చరిక: మందు కలిపిన గింజ తిండికీ మేతకీ వాడకూడదు.

ముందు స్లైడ్ కొలత

కంప్యూటర్‌లో మామూలుగా వచ్చే అడ్డం స్లైడ్, నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో సన్నటి పట్టీలా కనిపిస్తుంది. కాబట్టి `Design` ట్యాబ్‌లో `Slide Size`, అందులో `Custom Slide Size` నొక్కి వెడల్పు 20 సెం.మీ., ఎత్తు 25 సెం.మీ. ఇవ్వండి. తర్వాత అడిగే ప్రశ్నకి `Ensure Fit` ఎంచుకోండి. `Maximize` నొక్కితే అంచుల్లో ఉన్న మాటలు స్లైడ్ దాటి పోతాయి. ఏది ఎంచుకున్నా పెట్టెలని చేత్తో సర్దుకోవాల్సిందే. ఆ పని ఎగుమతికి ముందే చేయాలి.

అక్షరం సైజు ఎంత ఉండాలో లెక్క కట్టొచ్చు. ఫోన్ తెర వెడల్పు దాదాపు 7 సెం.మీ., మన స్లైడ్ 20 సెం.మీ. అంటే అంతా మూడో వంతుకి కుంచించుకుపోతుంది. స్లైడ్‌లో 36 పాయింట్ల అక్షరం చేతిలో 12 పాయింట్లవుతుంది. వయసు మళ్లిన రైతు కళ్లద్దాలు లేకుండా చదవాలంటే 40కి తగ్గకూడదు. అలా పెట్టాక ఒక స్లైడ్‌లో నాలుగైదు వరసల కంటే పట్టవు, పట్టించొద్దు కూడా. వరసల మధ్య ఎడం 1.2 ఉంచండి. తెలుగులో పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి. పెద్ద తెరమీద అది కనిపించదు గానీ ఫోన్‌లో ‘శుద్ధి’ కింది ఒత్తు కింది వరసలో కలిసిపోయి మాటే మారినట్టుంటుంది.

ఏ స్లైడ్ ఎంతసేపు

ప్రతి స్లైడ్‌నీ నిదానంగా పైకి చదవండి. ఎన్ని సెకన్లు పట్టిందో దానికి రెండు కలపండి. మోతాదు స్లైడ్‌కి ఇంకో మూడు కలపండి, అక్కడ అంకెలు గుర్తుపెట్టుకోవాలి కదా. మన ఉదాహరణలో శీర్షికకి 4, మోతాదుకి 10, మిగతా నాలుగింటికీ తలా 7 ఇస్తే మొత్తం 42 సెకన్లు. గ్రూపులో అంతకంటే పొడుగు వీడియోని చివరిదాకా చూడటం అరుదు.

ఈ సమయాలు `Transitions` ట్యాబ్‌లో ఇవ్వాలి. కుడివైపు `On Mouse Click` దగ్గర టిక్కు తీసేసి, `After` దగ్గర టిక్కు పెట్టి సెకన్లు రాయండి. యానిమేషన్లుంటే ఒక్కొక్కదానికి `Start` దగ్గర `After Previous` పెట్టండి.

మొదటి స్లైడ్‌కి మాత్రం ట్రాన్సిషన్ ‘None’ ఉండాలి, ఏ యానిమేషనూ ఉండకూడదు. వాట్సాప్ సాధారణంగా వీడియో మొట్టమొదటి దృశ్యాన్నే గ్రూపులో బొమ్మగా చూపిస్తుంది. శీర్షిక మెల్లగా తేలివచ్చేలా పెడితే ఆ మొదటి దృశ్యం నల్లగానో ఖాళీగానో ఉంటుంది. అప్పుడు గ్రూపులో కనిపించేది ఒక నల్లటి పెట్టె. దాన్ని ఎవరూ నొక్కరు.

వీడియోగా తీయడం

1. `File` > `Export` > `Create a Video` తెరవండి.
2. నాణ్యత `Full HD (1080p)` ఎంచుకోండి. ఈ అంకె ఎత్తుకి సంబంధించింది. మన 20×25 స్లైడ్ 864×1080 చుక్కల్లో వస్తుంది. 720 ఎంచుకుంటే వెడల్పు 576కి పడిపోయి ఒత్తులు అలికినట్టవుతాయి.
3. కింద `Use Recorded Timings and Narrations` ఉండాలి. `Don't Use` అని ఉన్నది ఎంచుకుంటే మీరిచ్చిన సమయాలన్నీ పోయి, ప్రతి స్లైడూ కింది పెట్టెలో ఉన్న 5 సెకన్లే నిలుస్తుంది. మోతాదు స్లైడ్ చదివేలోపే జారిపోయిందని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఇదే.
4. `Create Video` నొక్కి, ఫైలు రకం `MPEG-4 Video` అని చూసుకుని సేవ్ చేయండి.

తెర అడుగున పట్టీ నిండేదాకా పవర్‌పాయింట్ మూయకండి. ఫైలు పేరు ముందే కనిపిస్తుంది, పని మాత్రం అప్పటికి పూర్తికాదు. సగంలో మూస్తే ఆ ఫైలు తెరుచుకోదు.

పంపేటప్పుడు గ్యాలరీ నుంచి ఎంచుకున్నాక పైన కనిపించే `HD` గుర్తు నొక్కండి. లేకపోతే వాట్సాప్ ఇంకా కుదించి పంపుతుంది, మీరు కాపాడుకున్న ఒత్తులు అక్కడ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే నాణ్యత తగ్గదు గానీ గ్రూపులో నేరుగా ఆడదు.

తిరిగి తిరిగి ఆడే జిఫ్ ఎప్పుడు?

ఒకే మాట చెప్పాలనుకున్నప్పుడు జిఫ్ బాగుంటుంది. ‘24 గంటలు నాన, 24 గంటలు మండె’ అన్నంత చిన్న సంగతికి. ఆరు స్లైడ్‌ల పాఠానికి పనికిరాదు. జిఫ్‌కి శబ్దం ఉండదు, చూసేవాడు ఆపి చదవలేడు.

`Export` కిందే `Create an Animated GIF` ఉంటుంది, కొత్త పవర్‌పాయింట్‌లలో. కానీ జిఫ్ ఫైల్లో ఒక్కో దృశ్యానికి 256 రంగులే పడతాయి. పచ్చటి ఆకుమడి ఫొటో చారలు చారలుగా తేలుతుంది, సైజూ పెరుగుతుంది. అంత కష్టపడి చేసినా వాట్సాప్ దాన్ని శబ్దం లేని వీడియోగా మార్చే పంపుతుంది. అందుకే మేం సూచించేది వేరే దారి: ఆరు సెకన్లలోపు వీడియో తీసి, వాట్సాప్‌లోనే జిఫ్‌గా మార్చడం.

మూడు స్లైడ్‌లు పెట్టండి: నానబెట్టడం, మండె కట్టడం, చల్లడం. ఒక్కోదానికి 1.8 సెకన్లు, మొత్తం 5.4. ట్రాన్సిషన్లు వద్దు. 0.7 సెకన్ల `Fade` మూడుచోట్ల పెడితే ఆ సమయమూ కలిసి ఏడున్నర అవుతుంది. వీడియోని గ్రూపులో పంపబోతూ ఎంచుకున్నప్పుడు, కత్తిరించే పట్టీ దగ్గర కెమెరా గుర్తు పక్కన `GIF` కనిపిస్తుంది. దాన్ని నొక్కి పంపాలి. అది కనిపించకపోతే వీడియో నిడివి ఎక్కువైనట్టే. పట్టీ చివర లాగి తగ్గిస్తే బయటికొస్తుంది, కానీ ఆఖరి స్లైడ్ తెగిపోకుండా చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. జిఫ్‌లో చల్లడం అయిపోయి వెంటనే నానబెట్టడం మొదలవుతుంది. మధ్యలో చూసినవాళ్లకి ఏది ముందో తెలియదు. ప్రతి స్లైడ్ మూలన 1, 2, 3 అని పెద్ద అంకె వేయండి. మూడింటికీ ఒకే రంగు నేపథ్యం ఉంచితే చివరి నుంచి మొదటికి తిరిగేటప్పుడు తెర మెరిసినట్టు ఉండదు.

గ్రూపులో పెట్టేముందు ఒక్కరికే పంపి, చవక ఫోన్‌లో, ఎండలో నిలబడి చూడమనండి. లేత పసుపుమీద తెల్ల అక్షరాలు ఆఫీసు గదిలో ఎలాగోలా కనిపిస్తాయి. పొలం గట్టుమీద కనిపించవు. ఉభాల వేళ ఆ ఫోన్ తెరిచేది గట్టుమీదే.